ఒక్క ‘వద్దు’ కోసం లైనులో

ఒక పెద్ద కంపెనీ ఒక చిన్న కంపెనీకి ‘వద్దు’ అని చెప్పడం లేదు. ‘సరే’ అని కూడా చెప్పడం లేదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి వినేవరకు ఇంకొకరి గుమ్మం తొక్కనని చిన్న కంపెనీ మాట ఇచ్చింది. ఆ మాటను పెద్ద కంపెనీ పుచ్చుకుని, భద్రంగా జేబులో వేసుకుని, తన పని తాను చూసుకుంటున్నది. చిన్న కంపెనీ ఊపిరాడక పోతున్నది. దీన్ని నేరమని ఏ చట్టమూ అనదని నాకు తెలుసు. నేను అంటున్నాను.

ఆ చిన్న కంపెనీ నడుపుతున్నది నా చెల్లెలి కూతురు. తెలిసినవాళ్ళందరూ ఆమెను లిఫ్టక్క అంటారు. మేనకోడలు కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకునేవారు ఉంటారు. వారి సౌకర్యం కోసం, ఇరుపక్షాల మధ్య నడిచిన ప్రతి ఈమెయిలునూ అచ్చు తీయించి, వరుసక్రమంలో ఫైలు కట్టి ఉంచాను. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. అందులో రహస్యమేమీ లేదు. రహస్యం లేకపోవడమే నా కోపానికి కారణం.

లిఫ్టక్క చదువు ముగించగానే చేరిన ఉద్యోగం, లిఫ్టులకు మరమ్మతులు చేసే ఒక సంస్థలో ఫిర్యాదుల ఫోను ఎత్తడం. కిటికీ లేని గది. వరుసగా బల్లలు, చెవులకు తగిలించుకునే ఫోన్లు, గోడ మీద ఏ మెకానిక్కు ఏ వీధిలో ఉన్నాడో చూపే తెర. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే లోపలి మనిషి గంట బొత్తాం నొక్కుతాడు. ఆ పిలుపు ఈ గదికి వస్తుంది. భవనం పేరు అడిగి, మెకానిక్కుకు కబురు చేసి, ‘వస్తున్నారండీ’ అని ఫోను పెట్టేసి తరువాతి పిలుపు అందుకోవాలి. అది నియమం. లిఫ్టక్క ఆ నియమాన్ని సగమే పాటించేది. కబురు చేసేది, ఫోను మాత్రం పెట్టేది కాదు. లోపలివాళ్ళ గొంతులో వణుకు వినపడిందంటే చాలు, “భయపడకండి. మనిషి వచ్చి తలుపు తీసేదాకా నేను ఫోను పెట్టను. ఇంకెవరి పిలుపూ ఎత్తను. సరేనా?” అని మాట ఇచ్చేది. ఇచ్చినట్టే ఉండేది కూడా. వాళ్ళ పిల్లల చదువులు, కూరల ధరలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ మాట్లాడేది.

ఆ గది సూపర్‌వైజరుకు ఇది చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది.

“ఏవమ్మా, నువ్వు ఒక్కరితోనే కాపురం పెట్టేస్తే, మిగతా ఫోన్లు మీ మావయ్య వచ్చి ఎత్తుతాడా?”

“మావయ్య ఎత్తితే దరఖాస్తు రాసిమ్మంటారు సార్. లిఫ్టులోవాళ్ళ దగ్గర కాగితం ఉండదు కదా” అన్నదట. ఈ సంగతి మా చెల్లెలు నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

కొన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాక ఆమెకు ఒక సంగతి అర్థమైంది. లిఫ్టు ఆగిందంటే జనం తాడు తెగిందేమోనని హడలిపోతారు. చాలాసార్లు తప్పు తలుపుది. తలుపు జారే గాడిలో ఇసుకో, అగ్గిపుల్లో, పిల్లవాడి గోళీయో పడుతుంది. తలుపు పూర్తిగా మూసుకోదు. మూసుకోని తలుపుతో కదలకూడదు కాబట్టి లిఫ్టు మొరాయిస్తుంది. పైగా ఆగిపోవడానికి కొన్నాళ్ళ ముందు నుంచే ‘మూడో అంతస్తులో తలుపు విసుగ్గా మూసుకుంటోందండీ’ వంటి ఫిర్యాదులు వచ్చేవి. వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అదే సంస్థకు ఫిర్యాదుల సాఫ్ట్‌వేరు రాయడానికి వచ్చిన ఒక ప్రోగ్రామరుతో ఆమె ఈ మాట అన్నది. అతనికి అందరూ పెట్టిన పేరు సణుగుడు. కంప్యూటరును తిట్టకుండా ఒక్క వరుస రాయడు. అతను విన్నాడు, సణిగాడు, తరువాత ఇద్దరూ ఉద్యోగాలు మానేశారు. మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో, కరెంటు మీటర్ల గది పక్కన ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కంపెనీ మొదలుపెట్టారు. ఆ గదిలో మూడు బల్లలు, ఒక బీరువా, వేడెక్కితే గట్టిగా రొద చేసే ఒక కంప్యూటరు, తలుపుకు అవతల మా లిఫ్టు.

ఆ లిఫ్టులో పరీక్ష చేసుకుంటామని అడిగినప్పుడు అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగా నేను రాతపూర్వకమైన వినతి కోరాను.

“మావయ్యా! నీ చెల్లెలి కూతుర్ని!”

“అందుకే అడుగుతున్నాను. వేరేవాళ్ళయితే నోటిమాటకు కుదరదని ఊరుకునేవాణ్ణి.”

వినతి ఇచ్చింది. మా లిఫ్టును చూసే మెకానిక్కే వచ్చి, పెట్టె పైకప్పు మీద వాళ్ళ చిన్న పరికరాన్ని బిగించాడు. తలుపును నడిపే మోటారు తీగ చుట్టూ ఒక క్లిప్పు. తలుపు తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా మోటారు ఎంత కరెంటు లాగుతున్నదో, ఎంతసేపు లాగుతున్నదో అది కొలుస్తుంది. గాలి పీడనాన్ని బట్టి ఏ అంతస్తులో ఉన్నదో గ్రహిస్తుంది. ఒక అంతస్తులో తలుపు నిన్నటికంటే బరువుగా కదులుతుంటే, ఆగిపోకముందే మెకానిక్కు ఫోనుకు కబురు పంపుతుంది. అంతే. ఒకనాడు రెండో అంతస్తు అన్నది. మెకానిక్కు గాడి చీపురుతో ఊడిస్తే ఒక కోటు బొత్తాం దొరికింది. ఆ బొత్తాం నాదే.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. పాఠకులు దాన్ని గుర్తుంచుకోవాలి. లిఫ్టును ఎవరు పడితే వారు తాకకూడదు. ఏ సంస్థతో మరమ్మతుల ఒప్పందం ఉన్నదో ఆ సంస్థ అనుమతి లేనిదే భవనం యజమాని సైతం పరికరం బిగించలేడు. మా మెకానిక్కు సంస్థ చిన్నది కనుక ఒప్పుకున్నది. కొన్ని భవనాలతో కంపెనీ బతకదు. వేల లిఫ్టులు చూసే పెద్ద సంస్థతో చేయి కలపాలి: మెకానిక్కులు వాళ్ళవి, సాఫ్ట్‌వేరు వీళ్ళది. అటువంటి సంస్థలు మా ప్రాంతంలో రెండే ఉన్నాయి.

అందులో పెద్దదాని సర్వీసు విభాగపు బిజినెస్ హెడ్‌కు ఈమెయిలు రాయాలని ఇద్దరూ నిశ్చయించారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశారు. మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోయింది. శీర్షిక దగ్గరే పేచీ వచ్చింది.

“‘భాగస్వామ్య ప్రతిపాదన’ అని పెడదాం” అన్నది లిఫ్టక్క.

“పెట్టు. ఇవాళ అట్లాంటివి ఆయనకి నలభై వచ్చుంటాయి. నలభై ఒకటోది మనది” అని సణుగుడు సణిగాడు. “తలుపు సంగతి పెట్టక్కా. ఆయన రోజూ తిట్లు తినేది తలుపు గురించే.”

‘తలుపు ఆగిపోకముందే మీ మెకానిక్కుకు కబురు’ అన్న శీర్షిక అలా కుదిరింది. ఈమెయిలు బాగానే వచ్చింది. మొదటి పేరాలో ఆ సంస్థ సమస్య. రెండో పేరాలో పరికరం ఏం చేస్తుంది, పరీక్షించిన భవనాల్లో తలుపు ఫిర్యాదులు ఎలా తగ్గాయి. మూడో పేరాలో అడుగుతున్నదేమిటి. వాళ్ళ లిఫ్టులు కొన్నిటిలో కొన్ని నెలలపాటు ప్రయోగం, అది నచ్చితే రాబడిలో వాటా పద్ధతిన ఒప్పందం, ముందుగా అరగంట సమావేశం. జతగా ఒక్క పేజీ వివరణ. బడాయి లేదు, బతిమాలడం లేదు. నేను ఒకటి రెండు కామాలు సరిచేశాను.

చివర ఆమె తనంతట తాను ఒక వాక్యం చేర్చింది. ‘మీ నిర్ణయం తెలిసేవరకు ఈ రంగంలో మరే సంస్థతోనూ మేము ముందుకు వెళ్ళము.’

సణుగుడు కుర్చీలోంచి లేచాడు. “ఇదెందుకు? అడిగారా వాళ్ళు?”

“అడగరు. మనం చెప్తే ధైర్యంగా ఉంటుంది వాళ్ళకి.”

“వాళ్ళకెందుకక్కా ధైర్యం? ఇరుక్కున్నది మనం!”

“కనీసం తేదీ వెయ్యమ్మా,” అన్నాను నేను. “‘ఫలానా తేదీ వరకు’ అను.”

“తేదీ వేస్తే గడువు పెట్టి బెదిరించినట్టుంటుంది మావయ్యా. మంచిగా మాట ఇచ్చేటప్పుడు గడియారం చూపిస్తారా ఎవరైనా?”

అప్పటికి నాకు అర్థం కాలేదు. తరువాత ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివితే తెలిసింది. అది వ్యాపారం చేసేవాళ్ళ వాక్యం కాదు. ఫిర్యాదుల గదిలో ఆమె ఏళ్ళ తరబడి చెప్పిన మాటే అది: మనిషి వచ్చేదాకా ఇంకెవరి పిలుపూ ఎత్తను. లిఫ్టులో ఇరుక్కున్నవాడికి ఇచ్చే మాటను, బయట చల్లగా కూర్చున్నవాడికి ఇచ్చింది.

జవాబు మరునాడే వచ్చింది. ఇంత త్వరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ‘చాలా ఆసక్తికరంగా ఉంది. మరెవరితోనూ వెళ్ళమన్న మీ నిబద్ధతను అభినందిస్తున్నాం, దయచేసి అలాగే కొనసాగించండి. మాలో మేము చర్చించుకుని రివర్ట్ అవుతాం.’ లిఫ్టక్క ఆ ఈమెయిలును ఫోనులో పట్టుకుని మెట్లన్నీ ఎక్కి మా ఇంటికి వచ్చింది. లిఫ్టు బాగానే ఉన్నా, దానికోసం ఆగే ఓపిక లేకపోయింది.

ఈ ‘రివర్ట్’ అనే మాట గురించి నాకు కొంత చెప్పాలని ఉన్నది. నా వద్దనున్న నిఘంటువులన్నీ తిరగేశాను. ఉన్న చోటికి వెనక్కి వెళ్ళిపోవడం అని దాని అర్థం. ఆఫీసులవాళ్ళు దాన్ని జవాబిస్తామనే అర్థంలో వాడుతున్నారు. ఈ వ్యవహారంలో మాత్రం నిఘంటువే గెలిచింది.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా నడిచింది. బిజినెస్ హెడ్ స్వయంగా మా అపార్ట్‌మెంటుకు వచ్చాడు. మనిషి నవ్వుముఖం, ఎవరినైనా భుజం తట్టి పలకరించే రకం. లిఫ్టు పైకప్పు మీది పరికరం చూసి మురిసిపోయాడు. సణుగుడు బల్ల మీది తెరను ఫోటో తీసుకున్నాడు. “మనం ఇక ఒక కుటుంబం అనుకోండమ్మా” అన్నాడు. వాళ్ళ సాంకేతిక విభాగం ప్రశ్నలు పంపితే వీళ్ళు జవాబులు రాశారు. భద్రతా విభాగం ప్రశ్నలు పంపితే వాటికీ రాశారు. ఆ తరువాత ప్రశ్నలు ఆగిపోయాయి. ‘మీ విషయం ముందుకు వెళ్తోంది’, ‘పైవాళ్ళ దగ్గర ఉంది’, ‘ఈ త్రైమాసికం కాస్త బిజీ’, ‘తప్పక రివర్ట్ అవుతాం’ అనే ముక్కలు మాత్రం ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అవన్నీ నా ఫైలులో ఉన్నాయి. ఒక్కదానిలోనూ క్రియ పూర్తి కాలేదు.

కంపెనీలో తరువాత చేరిన ఇద్దరు ఉద్యోగులు వేరే చోటు చూసుకున్నారు. లిఫ్టక్క వాళ్ళను నిందించలేదు. గదిలో ఒక బల్ల ఖాళీ అయింది. మా చెల్లెలు కూతురికి ఎదురుపడితే ఏం అడగాలో తెలియక “తిన్నావా?” అని మాత్రమే అడగడం అలవాటు చేసుకున్నది. ఆమె రోజుకు మూడుసార్లు “తిన్నానమ్మా” అనేది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి లిఫ్టక్క చీకట్లో దీపం వేసుకోకుండా, ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి కూర్చుని ఉన్నది.

“ఎందుకమ్మా అలా బోర్లించావు?”

“చూస్తూ ఉంటే మోగట్లేదు మావయ్యా.”

ఆ స్థితిలో ఉండగా రెండో సంస్థ నుంచి పిలుపు వచ్చింది. వీళ్ళు అడగలేదు, వాళ్ళే వచ్చారు. మా మెకానిక్కు ద్వారా విన్నారట. ఆ సంస్థ కొనుగోళ్ళ అధికారిణి మాటల్లో నాన్చుడు లేదు. “మేం ఈ పనికి ఒక భాగస్వామిని తీసుకుంటున్నాం. పరికరం చూశాం, నచ్చింది. ప్రశ్నపత్రం పంపుతాను, నింపి పంపండి. మిగతాది మా లీగల్‌వాళ్ళు చూస్తారు” అన్నది.

ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న: ‘ఈ రంగంలో మరే సంస్థకైనా, ఒప్పందం ద్వారా గానీ ఈమెయిలు ద్వారా గానీ, వారితో మాత్రమే పని చేస్తామని హామీ ఇచ్చి ఉన్నారా?’

“లేదని కొట్టు” అన్నాడు సణుగుడు.

“ఇచ్చాం కదరా.”

“ఆ మాట మనమే ఇచ్చాం, వాళ్ళేం అడగలేదు, ఏం ఇవ్వలేదు. సంతకం లేదు, స్టాంపు లేదు. ఎవడికి తెలుస్తుందక్కా?”

“‘దయచేసి అలాగే కొనసాగించండి’ అన్నారు. మనం ఊఁ అన్నాం.”

“ఊఁ అన్నందుకు ఉరేసుకుంటామా?” అన్నవాడు అంతలోనే తల పట్టుకుని కూర్చున్నాడు. “నాకు వేరే చోట ఉద్యోగం చూపించారు. చెప్పకూడదనుకున్నా. నెలాఖరుకి చేరాలంట. నువ్వు లేదని కొడితే వాళ్ళకి రానని చెప్తాను. ఉందని కొడితే నా బతుకేంటో నాకే తెలీదు.”

లిఫ్టక్క ప్రశ్నపత్రాన్ని తన ముందుకు లాక్కున్నది. “రేపు తలుపు బరువుగా కదులుతోందని మన సాఫ్ట్‌వేరు అబద్ధం చెప్తే ఎవరైనా నమ్ముతార్రా మళ్ళీ?” అన్నది. ‘ఉంది’ అని గుర్తు పెట్టి, ఆ ఈమెయిళ్ళు రెండూ జతచేసి పంపింది. సణుగుడు కంప్యూటరును తిట్టలేదు. ఆ రోజు అతను ఒక్క మాటా సణగలేదు. అది నాకు ఎక్కువ భయం కలిగించింది.

రెండో సంస్థ లీగల్‌వాళ్ళు మర్యాదగానే రాశారు. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. అయితే పెద్ద సంస్థ నుంచి ‘మాకు అభ్యంతరం లేదు’ అని ఒక వాక్యం తీసుకురావాలి. అది లేకుండా సంతకం చేస్తే రేపు వాళ్ళు దావా వేయరని నమ్మకమేమిటి? వారి జాగ్రత్తలో నాకు తప్పు కనపడలేదు.

లిఫ్టక్క ఆ ఒక్క వాక్యం కోసం బిజినెస్ హెడ్‌కు రాసింది. జవాబు లేదు. అప్పుడు నా సలహా మీద, ‘పది రోజుల్లో మీ నిర్ణయం తెలియజేయనిచో మా హామీ ముగిసినట్టు భావిస్తాము’ అని నోటీసు వంటి ఈమెయిలు పంపింది. ఈసారి జవాబు పెద్ద సంస్థ లీగల్ విభాగం నుంచి వచ్చింది. దాన్ని యథాతథంగా ఇస్తున్నాను: ‘ఇరుపక్షాల మధ్య ఎటువంటి ఒప్పందమూ లేదు కనుక, దాని నుండి విడుదల చేసే ప్రశ్న ఉత్పన్నం కాదు. చర్చలు కొనసాగుతున్నవి. మా హక్కులన్నియు భద్రము.’

ఒప్పందం లేదట. లేని ఒప్పందం కింద హక్కులు మాత్రం ఉన్నాయట. నేను జీవితంలో ఎన్నో చెత్త వాక్యాలు చదివాను. ఇంతటి నేర్పుతో కట్టిన చెత్త వాక్యాన్ని చదవలేదు. రెండో సంస్థవారు ఆ చివరి మూడు పదాలు చూసి మరింత బెదిరిపోయారు.

“అమ్మా, నా చేతిలో ఉంటే ఇవాళే సంతకం పెట్టించేదాన్ని,” అన్నది కొనుగోళ్ళ అధికారిణి ఫోనులో. “నెలాఖరు దాకా మీ చోటు పట్టి ఉంచగలను. ఆ తర్వాత జాబితాలో రెండో పేరుకి వెళ్ళిపోతాం. ఒక్క లైను తెప్పించుకోండి. ‘మాకు వద్దు’ అని రాసినా చాలు.”

అందుకని మేమిద్దరం పెద్ద సంస్థ కార్యాలయానికి వెళ్ళాం. గాజు గోడలు, కాలు జారే నేల, ముఖం చూసి ఫోటో తీసి మెడలో వేసే అతిథి కార్డు. పొద్దున్నే వెళ్ళినవాళ్ళం మధ్యాహ్నం దాకా మెత్తటి సోఫాలో కూర్చున్నాం. ఎదురుగా పెద్ద తెర మీద ఆ సంస్థ గొప్పలు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి వచ్చినప్పుడు లిఫ్టక్క నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. ‘నవీన సాంకేతిక భాగస్వామ్యాలు: పురోగతిలో’ అన్న మాటలు, వాటి పక్కన సణుగుడు బల్ల మీది తెర ఫోటో. ఆ ఫోటో మూలన అతని టీకప్పు కూడా ఉన్నది.

బిజినెస్ హెడ్ ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చాడు. “అయ్యో, మీరెందుకు వచ్చారండీ పెద్దవారు! ఫోను చేస్తే సరిపోయేదిగా!”

“చేశాం” అన్నది లిఫ్టక్క. “సార్, మీరు మాతో చెయ్యాలని నేను అడగడానికి రాలేదు. వద్దు అని రాసివ్వండి చాలు.”

అతను నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు. “వద్దని ఎందుకంటానమ్మా? మీ ప్రాడక్టు నాకెంతో ఇష్టం.”

“అయితే సరే అనండి.”

“అది నా ఒక్కడి చేతిలో లేదు కదా!”

“మరి వద్దని చెప్పడం?”

అతను గాజు తలుపు మూసి, కుర్చీ దగ్గరకు లాక్కుని, ఇంటివాడిలా గొంతు తగ్గించాడు. “చూడండి, మీ దగ్గర దాపరికం ఎందుకు. సరే అంటే నేను బడ్జెట్ రాయాలి. వద్దంటే కారణం రాయాలి, ఇన్నాళ్ళూ పురోగతి అని చూపించి ఎందుకు ఆపావంటారు. ఏమీ అనకపోతే ఏమీ రాయక్కర్లేదు. కొంచెం ఓపిక పట్టండి. ఎవరికీ నష్టం లేదు కదా.”

“నాకు నష్టం సార్.”

“మీరు మరీ భావోద్వేగంగా తీసుకుంటున్నారమ్మా.”

ఇక నేను అడిగాను. “బాబూ, ఇంటికి సంబంధం చూడ్డానికి వచ్చి, పిల్ల నచ్చిందీ నచ్చలేదూ చెప్పకుండా, వేరే సంబంధం చూడొద్దని మాత్రం చెప్పి వెళ్ళేవాణ్ణి మీ ఇంట్లో ఏమంటారు?”

నవ్వాడు. నేను నవ్వడానికి అడగలేదు. “భలే చెప్పారండీ! ఈ వారంలో తప్పకుండా రివర్ట్ అవుతాను” అని లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, ఆమె పక్కకు జరగడంతో ఆ చేతితోనే మాకు దారి చూపించాడు.

కిందికి రావడానికి లిఫ్టు ఎక్కాం. తలుపు మూసుకోబోయి, సగంలో ఆగి, తిరిగి తెరుచుకున్నది. మళ్ళీ మూసుకోబోయింది. గాడిలో ఏదో కర్రుమన్నది. అటువంటి చప్పుడు విన్న చోట, అది ఎవరి భవనమైనా సరే, కాపలా మనిషినైనా పట్టుకుని ‘ఈ అంతస్తు గాడి ఊడ్పించండి’ అని చెప్పకుండా కదిలే మనిషి కాదు నా మేనకోడలు. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల్లో, నా ముందే ఎన్నోసార్లు చెప్పింది. ఈసారి ఆమె తలుపు వంక చూసింది. పెదవి కదిపింది. ఏమీ అనకుండా అతిథి కార్డు మెడలోంచి తీసి గుప్పిట్లో నలుపుతూ నిలబడ్డది.

వీధిలోకి వచ్చాక అన్నది. “మావయ్యా, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు నన్ను ఏమని అడిగేవాళ్ళో తెలుసా? ‘ఎంతసేపట్లో వస్తారు’ అని కాదు. ‘ఎవరికైనా తెలుసా నేను ఇక్కడున్నానని?’ అని. నేను ‘నాకు తెలుసు’ అనేదాన్ని. అంతే, సగం ఏడుపు ఆగిపోయేది.” కొంతదూరం నడిచాక, “ఈయనకి తెలుసు మావయ్యా. తెలిసే ఊరుకున్నాడు” అన్నది.

ఆ ‘ఈ వారం’ గడిచిపోయింది. సణుగుడు కొత్త ఉద్యోగం వాళ్ళను ఇంకా కొన్ని రోజులు ఆగమని బతిమాలుకున్నాడు. బతిమాలడం తనకు రాదని మా ఆవిడతో చెప్పుకున్నాడు. ఎవరిమాటా వినకుండా ఆ హామీని తెంచేసుకుని, వచ్చే దావాకు తలవంచుదామని లిఫ్టక్క ఒక పూట అనుకున్నది. రెండో సంస్థ అందుకు ఒప్పుకోదు. నిన్న ఆ గదికి వెళ్ళాను. పరికరాలను అట్టపెట్టెల్లో సర్దుతున్నది. ఖాళీ చేస్తున్నావా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. “తిన్నావా?” అని అడిగాను, మా చెల్లెలిలాగే.

పాఠకులకు ఈ కథంతా చెప్పింది జాలి కోసం కాదు. ఈ పత్రిక సంచిక మీ చేతికి అందేనాటికి నెలాఖరుకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఇకమీది మాటలు వేరొకరికి.

అయ్యా, బిజినెస్ హెడ్ గారూ! అమ్మా, లీగల్ విభాగం వారూ! మీరు దుర్మార్గులని నేను అనడం లేదు. మీకు తీరిక లేదని ఒప్పుకుంటాను. మీరు ఈ పనిని తీసుకోనక్కరలేదు, బడ్జెట్ రాయనక్కరలేదు. మీకు కారణం రాయడం కష్టమైతే, నేను రాసిపెట్టాను, కోపం దిగమింగుకుని, మీకు ఏ తంటా రాకుండా. ముందు మీ ఆఫీసు తెర మీదినుంచి ఆ టీకప్పు ఫోటో తీసివేయండి. ఆ తరువాత ఈ కింది వాక్యాన్ని మీ ఈమెయిలులో అతికించి, కింద మీ పేరు పెట్టి, ఈరోజే పంపండి:

‘మీ ప్రతిపాదన మాకు వద్దు, మీరు ఎవరితోనైనా పని చేసుకోవచ్చు, మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు, మీపై ఎటువంటి హక్కూ లేదు.’